1200 దగ్గర ఆర్డర్ పెట్టినా బేరింగులు ఎందుకు అయిపోతున్నాయి?

ప్రశ్న: నమస్కారమండీ. నేను చిన్న మోటార్లు తయారుచేసే యూనిట్‌లో స్టోర్స్ చూసుకుంటాను. మేం వాడే ఒక బేరింగు వారానికి మామూలుగా 300 పోతుంది. ఒక వారం 200 పోయింది, ఒక వారం 400 కూడా పోయింది. సరుకు రావడానికి ఎక్కువసార్లు 4 వారాలు పడుతుంది. 3 వారాల్లో వచ్చిన సందర్భం ఉంది, 6 వారాలు పట్టిన సందర్భమూ ఉంది. అందుకే 300ను 4తో గుణించి, ర్యాక్‌లో 1200 మిగలగానే 2000కు ఆర్డర్ పెడుతున్నాను. అయినా పోయిన ఏడాది మూడుసార్లు లైన్ ఆగింది. ఒకసారేమో 2400 పట్టే ర్యాక్ నిండిపోయి డబ్బాలు నేల మీద పెట్టాను. ఒకే ఏడాదిలో రెండూ ఎలా జరిగాయి? రీఆర్డర్ లెవెల్, మినిమమ్, మాక్సిమమ్ ఎంతెంత పెట్టుకోవాలి? బిన్ కార్డు ఫోటోలు జతచేశాను.

సమాధానం:

ముందు ఆ 1200 సంగతి చూద్దాం. అది సగటు వాడకాన్ని సగటు లీడ్ టైమ్‌తో గుణిస్తే వచ్చిన అంకె. అంటే అన్నీ మామూలుగా జరిగితే, కొత్త సరుకు గేటులోకి వచ్చే రోజుకి మీ ర్యాక్‌లో ఉండేది సున్నా. మామూలు కంటే కాస్త ఎక్కువ వాడినా, కాస్త ఆలస్యమైనా సున్నా కంటే కిందికే పోతారు. వారానికి 350 వాడారనుకోండి, 4 వారాలకి 1400 కావాలి, మీ దగ్గర 1200 ఉంది. వాడకం 300 దగ్గరే ఉన్నా సరుకు 5 వారాలకి వస్తే 1500 కావాలి, మీ దగ్గర అదే 1200. సగటు అంటేనే కొన్నిసార్లు దానికి పైన, కొన్నిసార్లు కింద. కాబట్టి సగటు మీద ఆర్డర్ పెట్టేవారికి దాదాపు సగం సార్లు సరుకు చాలదు. వారానికి 300 చొప్పున ఏడాదికి 15,600 బేరింగులు, 2000 చొప్పున దాదాపు 8 ఆర్డర్లు. ఆ ఎనిమిదింటిలో మూడుసార్లు లైన్ ఆగింది. మీరు పెట్టుకున్న లెవెల్‌కి అది జరగాల్సిందే, అదృష్టం బాగోలేక జరిగింది కాదు.

రీఆర్డర్ లెవెల్ అడిగే ప్రశ్న వేరే. ఆర్డర్ పెట్టాలని తేలిన క్షణం నుంచి సరుకు చేతికొచ్చేదాకా, అన్నీ ఎదురు తిరిగినా, ఎన్ని వాడతాం? అందుకే పుస్తకాల్లో దాన్ని గరిష్ఠ వాడకం × గరిష్ఠ లీడ్ టైమ్ అని రాస్తారు. మీ అంకెల్లో 400 × 6 = 2400. వాడకం వారానికి లెక్కేస్తే లీడ్ టైమ్ కూడా వారాల్లోనే ఉండాలి. ఒకటి రోజుల్లో, ఒకటి వారాల్లో వేస్తే అంకె చూడ్డానికి మామూలుగానే కనిపిస్తుంది గానీ పూర్తిగా తప్పు.

లీడ్ టైమ్ దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే ఎక్కువ మంది తప్పు చేసేది ఇక్కడే. సప్లయర్ కొటేషన్ మీద రాసిన 4 వారాలు ఆయన లీడ్ టైమ్. మీది ఇండెంట్ రాయాల్సిన రోజున మొదలై, ఆ బేరింగును లైన్‌కి ఇష్యూ చేయగలిగిన రోజున ముగుస్తుంది. మధ్యలో సంతకాలున్నాయి, పర్చేజ్ ఆర్డర్ టైపు చేయడం ఉంది, రవాణా ఉంది, ఇన్‌స్పెక్షన్ ఉంది.

నేను స్టోర్స్‌లో చేరిన కొత్తలో ఈ తేడా ఎంత ఖరీదైనదో చూశాను. లీడ్ టైమ్‌ని గేటు ఎంట్రీ తేదీ వరకే లెక్కపెట్టేవాణ్ణి. ఒకసారి సీళ్ళు వచ్చాయి, ఆరు అట్టపెట్టెలు, నా టేబుల్‌కి పది అడుగుల దూరంలో. ప్రతి పెట్టె మీదా ఇన్‌స్పెక్షన్ వాళ్ళు కట్టిన పసుపు ట్యాగ్ ఉంది. కొలిచే గేజ్ క్యాలిబ్రేషన్‌కి వెళ్ళింది, అది తిరిగొచ్చి ట్యాగ్ తీసేసరికి తొమ్మిది రోజులు పట్టింది. ఆ తొమ్మిది రోజుల్లో మా దగ్గరున్న సీళ్ళు అయిపోయాయి. సరుకు కళ్ళెదుటే ఉంది, షాపు ఫ్లోర్ నుంచి ఫోన్లు వస్తూనే ఉన్నాయి, ఒక్కటి కూడా ఇవ్వలేకపోయాను. ఆ రోజు నుంచి బిన్ కార్డు మీద రెండు తేదీలు రాయడం మొదలుపెట్టాను: లెవెల్ తగిలిన రోజు, ఇష్యూకి సిద్ధమైన రోజు. లీడ్ టైమ్ అంటే ఆ రెంటి మధ్య దూరం. మీ 3, 4, 6 వారాలు కూడా ఇలా కొలిచినవేనని మీ కార్డు తేదీల్లో కనిపించింది, కాబట్టి వాటితోనే ముందుకెళ్తాను.

ఇప్పుడు మినిమమ్ లెవెల్. దీన్ని చాలామంది ‘ఇంతకు వచ్చాక ఆర్డర్ పెట్టాలి’ అనుకుంటారు. ఆర్డర్ పెట్టేది రీఆర్డర్ లెవెల్ దగ్గర. మినిమమ్ అంటే, అన్నీ మామూలుగా జరిగిన సైకిల్‌లో కొత్త సరుకు వచ్చే ముందు ర్యాక్‌లో మిగిలి ఉండాల్సిన స్టాక్. రీఆర్డర్ లెవెల్‌లోంచి సగటు వాడకం × సగటు లీడ్ టైమ్ తీసేస్తే వస్తుంది. 2400 లోంచి 1200 తీస్తే 1200. చూశారా, మీరు ఆర్డర్ పెట్టడానికి వాడుతున్న 1200, ఈ లెక్కలో మినిమమ్ లెవెల్ అయింది. ఇన్నాళ్ళూ మీరు ఆర్డర్ పెడుతున్నది, సరుకు వచ్చి తీరాల్సిన చోట.

స్టాక్ మినిమమ్ కంటే కిందికి దిగగానే కంగారు పడనక్కర్లేదు. వాడకం కాస్త ఎక్కువైనా, రాక కాస్త ఆలస్యమైనా దిగుతుంది, ఆ నిల్వ ఉన్నదే అందుకు. కానీ ఆ రోజు ఫోన్ చేయాలి: సరుకు ఎక్కడిదాకా వచ్చింది, ఎప్పుడు బయల్దేరుతుంది అని. లైన్ ఆగాక చేసే ఫోన్‌కీ, మినిమమ్ దాటిన రోజు చేసే ఫోన్‌కీ చాలా తేడా ఉంటుంది. మొదటిదానికి సప్లయర్ చేయగలిగింది ఏమీ ఉండదు.

మాక్సిమమ్ లెవెల్‌కి దీనికి వ్యతిరేకంగా ఆలోచించాలి. వాడకం మందగించింది, సరుకేమో తొందరగా వచ్చేసింది. అప్పుడు ర్యాక్ మీద గరిష్ఠంగా ఎంత ఉంటుంది? రీఆర్డర్ లెవెల్ + ఆర్డర్ పరిమాణం − (కనిష్ఠ వాడకం × కనిష్ఠ లీడ్ టైమ్). అంటే 2400 + 2000 − (200 × 3) = 3800.

డబ్బాలు నేల మీదికి వచ్చిన రోజు మీ కార్డులో దొరికింది. 1200 దగ్గర ఆర్డర్ పెట్టారు, సరుకు 3 వారాల్లోనే వచ్చింది. ఆ మూడు వారాలూ లైన్ మెల్లగా నడిచి 200, 220, 240 పోయాయి, మొత్తం 660. ర్యాక్‌లో 540 మిగిలి ఉండగా 2000 దిగాయి. 2540కి 2400 పట్టే ర్యాక్ చాలలేదు, 140 నేల మీదికి వెళ్ళాయి. మీరు అడిగిన ‘రెండూ ఎలా’ అన్నదానికి ఇదే జవాబు. లైన్ ఆగడానికి కారణం రీఆర్డర్ లెవెల్ తక్కువ కావడం, నేల మీదికి రావడానికి కారణం ఆర్డర్ పరిమాణం ఎక్కువ కావడం. ఇవి రెండు వేర్వేరు అంకెలు, ఒకటి సరిచేస్తే రెండోది దానంతటది సర్దుకోదు.

పరీక్షలో ఈ లెక్క వస్తే 2400, 1200, 3800 అని రాసి పేపర్ ఇచ్చేయొచ్చు. మీ ర్యాక్ మాత్రం 2400 దగ్గరే ఆగిపోతుంది. 3800 చూడగానే ‘ఇది కుదిరేది కాదు’ అని మళ్ళీ పాత 1200కే వెళ్ళిపోతారేమోనని నా భయం. చాలా స్టోర్లలో జరిగేది అదే. అలా వెళ్ళేముందు, ఆ 400 ఎక్కణ్ణుంచి వచ్చిందో చూడండి.

మీ కార్డులో 400 పోయిన వారం, లైన్ ఆగి మళ్ళీ మొదలైన వారం. అంతకు ముందు వారం బేరింగులు లేక అరకొరగా ఇచ్చారు, సరుకు రాగానే ఆగిపోయిన మోటార్లన్నీ ఒక్కసారిగా పూర్తిచేశారు. ఆ 400లో కొంత, పోయిన వారం వాడాల్సినది. అంటే కొరత వల్ల పుట్టిన అంకె అది. సరుకు లేని వారాల్లో కనిపించే తక్కువ వాడకం కూడా అలాంటిదే. అక్కడ అవసరం తక్కువై కాదు, ఇవ్వడానికి లేక తక్కువ. ఆ వారాలను కనిష్ఠంలో కలపకుండా మీరు పక్కన పెట్టారు, మంచి పని చేశారు. ఎప్పుడూ అలాగే చేయండి.

ఇంకో మాట. 400 × 6 అంటే వరసగా ఆరు వారాలు, ప్రతి వారమూ 400 పోతాయని. అలా ఎప్పుడైనా జరిగిందా? ఒక వారం ఎగసిపడితే మరో వారం తగ్గుతుంది. కాబట్టి ఒక్క వారపు గరిష్ఠాన్ని ఆరుతో గుణించడం కన్నా, లీడ్ టైమ్ ఎంత పొడవుందో అంత కిటికీ పెట్టి కార్డు మీద జరుపుకుంటూ వెళ్ళడం నిజానికి దగ్గరగా ఉంటుంది. మొదటి ఆరు వారాలు కూడండి, ఒక వారం జరిపి మళ్ళీ ఆరు కూడండి, ఇలా ఏడాదంతా. మీ కార్డు మీద పెన్సిల్‌తో ఇది చేయడానికి నాకు అరగంట పట్టింది. లైన్ ఆగిన వారాలు లేని కిటికీల్లో పెద్దది ఇది: 310, 330, 360, 370, 350, 320. మొత్తం 2040.

నేనైతే మీ రీఆర్డర్ లెవెల్ 2040 పెడతాను. 2400 కంటే 360 తక్కువ. అయినా ఆ ఏడాదిలో వచ్చిన అత్యంత బిజీ ఆరు వారాలూ, అత్యంత ఆలస్యమైన డెలివరీ కలిసొచ్చినా ర్యాక్ ఖాళీ అయ్యే సరికి సరుకు అందుతుంది. దీని హద్దు కూడా తెలుసుకోండి: ఇది జరిగిన ఏడాది నుంచి తీసిన అంకె. కొత్త మోడల్ మొదలై వాడకం పెరిగితే గానీ, సప్లయర్ మారితే గానీ మళ్ళీ కూడాలి. ఇంకోటి, ఆ బేరింగు లేకపోతే లైనంతా ఆగే యూనిట్‌లో, సరుకు ఆలస్యాలు పెరుగుతున్నాయని అనుమానం ఉంటే, 2400 దగ్గర ఉండడం తప్పేమీ కాదు. ఆ 360 బేరింగులు ఎంత డబ్బు పట్టుకుని కూర్చుంటాయి, ఒక్కరోజు లైన్ ఆగితే ఎంత పోతుంది అన్నది మీకే తెలుస్తుంది.

2040 ఖాయం చేసుకుంటే మినిమమ్ 2040 − 1200 = 840. ఇక ర్యాక్. మాక్సిమమ్ 2400 దాటకూడదు కాబట్టి లెక్కను వెనక నుంచి వేద్దాం. వరసగా మూడు వారాల్లో అత్యల్ప వాడకం ఇందాక చూసిన 660. 2040లోంచి 660 తీస్తే 1380. ర్యాక్‌లో ఇంక పట్టేది 1020. అంటే ఆర్డర్ 1000 చొప్పున పెడితే మాక్సిమమ్ 2380 అవుతుంది, ర్యాక్ సరిపోతుంది. సగటు స్టాక్ కూడా చూడండి, మినిమమ్‌కి ఆర్డర్‌లో సగం కలిపితే వస్తుంది: 840 + 500 = 1340. పుస్తకం లెక్క ప్రకారం 2000 చొప్పున తెప్పించి ఉంటే అది 2200 అయ్యేది.

ఆర్డర్‌ను సగం చేస్తే ఏడాదికి ఎనిమిది బదులు దాదాపు పదహారు ఆర్డర్లు. సప్లయర్ 2000కి తగ్గనంటే, 2000కే ఆర్డర్ ఇచ్చి, 1000 చొప్పున రెండు విడతలుగా, మూడు వారాల పైచిలుకు తేడాతో పంపమని అడగండి. ధర మారకుండా ఇందుకు ఒప్పుకునేవాళ్ళు చాలామందే ఉంటారు. దానికీ ఒప్పుకోకపోతే 2040 + 2000 − 660, అంటే 3380కి చోటు చూసుకోవాలి. రీఆర్డర్ లెవెల్ తగ్గించి ర్యాక్‌లో పట్టించే పని మాత్రం వద్దు.

ఇక్కడ ఒక విషయం దగ్గర చాలా జాగ్రత్తగా ఉండాలి. 1000 బేరింగులు మీకు మూడు వారాల పైన కొద్ది రోజులు వస్తాయి. లీడ్ టైమ్ 4 వారాలు. అంటే ఒక ఆర్డర్ చేతికి రాకముందే ఇంకోటి పెట్టాల్సి వస్తుంది. అప్పుడు ర్యాక్ ఒక్కదాన్నే చూసి 2040తో పోల్చకూడదు. ర్యాక్‌లో దాదాపు ఎప్పుడు చూసినా 2040 కంటే తక్కువే కనిపిస్తుంది, చూసినప్పుడల్లా ఆర్డర్ పెడితే గోడౌన్ నిండిపోతుంది. పోల్చాల్సింది ర్యాక్‌లో ఉన్నదానికి రావాల్సిన ఆర్డర్లు కలిపి వచ్చిన మొత్తాన్ని. ర్యాక్‌లో 1100 ఉండి, 1000 రావాల్సి ఉంటే మొత్తం 2100, ఇంకా ఆర్డర్ వద్దు. ఇంకో 60 పోయి ర్యాక్‌లో 1040 మిగలగానే మొత్తం 2040, ఆ రోజే ఇండెంట్ రాయాలి. బిన్ కార్డులో ‘నిల్వ’ పక్కన ‘రావాల్సినవి’ అని ఒక గడి గీసుకోండి, రెండూ కలిపిన మొత్తం మూడో గడిలో. కంప్యూటర్‌లో స్టాక్ పెట్టేవాళ్ళు కూడా ఇదే సరిచూసుకోవాలి. రద్దయిన పాత ఆర్డర్ ఒకటి లిస్టులో అలాగే ఉండిపోతే, రాని సరుకును వస్తుందనుకుని అసలు ఆర్డర్ పెట్టకుండా కూర్చుంటాం.

ఈ మొత్తంలో నాకు అన్నిటికంటే నచ్చిన దారి స్టాక్ పెంచడం కాదు, ఆ 6 వారాలను తగ్గించడం. ఆ ఆర్డర్ తేదీలు చూడండి. ఇండెంట్ రాసిన రోజుకీ పర్చేజ్ ఆర్డర్ వెళ్ళిన రోజుకీ మధ్య 9 రోజులున్నాయి. సప్లయర్ తన పని ఐదు వారాల లోపే చేశారు. సంతకం పెట్టేవారు లేనప్పుడు ఇంకెవరు పెట్టాలో ఒక్క మాట ముందే అనుకుంటే మీ గరిష్ఠ లీడ్ టైమ్ 5 వారాలకి వస్తుంది. అప్పుడు కిటికీ కూడా ఐదు వారాలదే. అందులో పెద్ద మొత్తం 330, 360, 370, 350, 320 కలిపి 1730. ఒక్క సంతకం తొందరగా పడితే రీఆర్డర్ లెవెల్ 310 తగ్గుతుంది, ఆ మేరకు ర్యాక్‌లో చోటు కూడా మిగులుతుంది. మీ యజమానికి ఇది అంకెలతోనే చూపించండి.

పెట్టుకున్న లెవెల్స్ సరిగ్గా ఉన్నాయో లేదో తెలియడానికి వేరే లెక్కలు అక్కర్లేదు. ప్రతిసారీ కొత్త సరుకును ర్యాక్‌లో సర్దే ముందు అక్కడ ఎన్ని మిగిలాయో లెక్కపెట్టి, కార్డు మీద ఎర్ర ఇంకుతో రాయండి. ఆ ఎర్ర అంకెలు కాస్త అటూ ఇటూగా 840 చుట్టూ తిరుగుతుంటే లెవెల్ కుదిరినట్టే. వరసగా ఐదారుసార్లు 1200 పైనే ఉంటే మీ వాడకమో లీడ్ టైమో తగ్గింది, రీఆర్డర్ లెవెల్ దించొచ్చు. రెండుసార్లు 200 లోపుకి వస్తే, లైన్ ఆగకపోయినా సరే, అప్పుడే మళ్ళీ కిటికీ జరిపి కూడండి.

ఇక రేపు పొద్దున చేయాల్సిన పని. మీ కార్డు చివరి వరుసలో నిల్వ 1300, రావాల్సినవి ఏమీ లేవు. పాత పద్ధతిలో ఇంకో 100 పోయేదాకా ఆగేవారు. కొత్త లెవెల్ ప్రకారం మీరు ఇప్పటికే 740 వెనకబడి ఉన్నారు. 740కి మామూలు ఆర్డర్ 1000 కలిపి 1740కి రేపే ఇండెంట్ రాయండి. మామూలు వాడకంలో నాలుగు వారాలకి మీ చేతిలో మిగిలేది 100 మాత్రమే, కాబట్టి మొదటి 740ని మూడు వారాల్లో పంపమని, మిగతా 1000 తర్వాత పంపినా ఫర్వాలేదని సప్లయర్‌తో మాట్లాడండి. ఇండెంట్ మీద సంతకం మాత్రం రేపే పెట్టించుకోండి.